గుండ్రటి ట్రాక్ మీద ఉరికి చూసి దూరం, స్థానభ్రంశం, వడి, వేగం తేల్చుకోవడం ఎలా?

సిరొంచలో మా అక్క కూతురు తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. గడ్చిరోలి జిల్లాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న మా వైపు పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. వాళ్లన్న పోలీస్ భర్తీ కోసం రోజూ తెల్లవారకముందే లేచి ఉరుకుతాడు. మహారాష్ట్ర పోలీస్ భర్తీలో మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు ఉంటుంది. 400 మీటర్ల ట్రాక్ అయితే సరిగ్గా నాలుగు చుట్లు.

ఒకరోజు ఆ పిల్ల పుస్తకం పట్టుకొని వచ్చి అడిగింది: "మామా, అన్న నాలుగు చుట్లు ఉరికి చెమటలు కక్కుకుంట ఇంటికొస్తడు. పుస్తకంల చూస్తే సరాసరి వేగం సున్నా అని ఉన్నది. అంతగనం ఉరికినోనికి సున్నా ఎట్లయితది?"

మంచి ప్రశ్న. నోటితో చెబితే తలూపుతుంది కానీ పరీక్షలో మళ్లీ తప్పు రాస్తుంది. అందుకే ఒక ఆదివారం పొద్దున మైదానంలో గుండ్రటి ట్రాక్ గీసి, ఆమెనే ఉరికించి, ఆమెతోనే కొలిపించాను. ఆ రోజు చేసింది మీరు మీ పిల్లలతో ఎలా చేయాలో ఇక్కడ రాస్తున్నాను. నలుగురు మనుషులు, రెండు గంటల సమయం ఉంటే సరిపోతుంది.

మైదానానికి వెళ్లే ముందు మాటలు సరిచూసుకోండి

మా పిల్ల నోట్సు తిరగేస్తే అసలు చిక్కు ఎక్కడుందో కనిపించింది. సగం చుట్టు తిరిగినవాడి "అంతర్" ఎంత అని అడిగితే ఆమె వృత్తం వ్యాసం రాసింది. టీచర్ తప్పు కొట్టారు. ఆమెకు లెక్క రాక కాదు. మరాఠీలో "అంతర్" అంటే దూరం, అంటే నడిచిన దారి పొడవు. ఇంట్లో మనం మాట్లాడే తెలుగులో అంతరం అంటే రెండింటి మధ్య ఉన్న ఎడం. ఆ పిల్ల తెలుగు చెవితో విని, మొదలైన చోటుకూ ఆగిన చోటుకూ మధ్య ఎడం ఎంత అని అడిగారనుకుంది. ఆ ఎడానికి మరాఠీ పుస్తకంలో "విస్థాపన్" అని ఇంకో పేరు ఉంది. తెలుగు పుస్తకంలో దాన్నే స్థానభ్రంశం అంటారు.

రెండో జంట ఇంకా తిప్పలు పెడుతుంది. మరాఠీలో "చాల్", "వేగ్". తెలుగు పుస్తకంలో వడి, వేగం. కానీ మాట్లాడేటప్పుడు మనం వడిని కూడా వేగమనే అంటాం. బస్సు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోందని పేపర్లో రాసినప్పుడు, పుస్తకం లెక్కన అది వడి. బండి మీటరులో కనిపించేది కూడా వడే, ఎందుకంటే ఆ ముల్లు బండి ఎటు పోతోందో చెప్పదు. ఎటు అన్నది కూడా చెబితేనే అది పుస్తకంలోని వేగం అవుతుంది.

ఈ నాలుగు మాటలనూ నోటు మొదటి పేజీలో రెండు భాషల్లోనూ పక్కపక్కన రాయించండి. మరాఠీ మీడియం పిల్లలకు ఈ ఒక్క పేజీయే సగం తప్పులను ఆపుతుంది.

ట్రాక్ గీయడం

వ్యాసార్థం 14 మీటర్లు పెట్టుకోండి. దీనికో కారణం ఉంది. చుట్టుకొలత 2 × 22/7 × 14 = 88 మీటర్లు అవుతుంది కాబట్టి లెక్క ఎక్కడా చిల్లర లేకుండా వస్తుంది. ఇందుకు అడ్డంగా, నిలువుగా 30 మీటర్ల చొప్పున చదునైన నేల కావాలి. అంత చోటు లేకపోతే వ్యాసార్థం 7 మీటర్లు తీసుకోండి, చుట్టు 44 మీటర్లు వస్తుంది. అయితే చుట్టు చిన్నదైతే మలుపు గట్టిగా ఉండి, పిల్లలు ఒకే తీరున ఉరకలేరు. వీలైతే 14కే కట్టుబడండి.

మైదానం మధ్యలో ఒక గూటం దిగ్గొట్టండి. దానికి కట్టి గీయడానికి నైలాన్ తాడు వాడకండి, లాగితే సాగుతుంది. ఇళ్లకు వాడే కరెంటు వైరు ముక్క మేలు. వైరును గూటానికి బిగించి ముడి వేస్తే ఒక తప్పు జరుగుతుంది. మీరు చుట్టూ తిరుగుతున్నకొద్దీ వైరు గూటానికి చుట్టుకుంటూ పోతుంది. గూటం మూడు సెంటీమీటర్ల లావు ఉంటే, ఒక చుట్టు పూర్తయ్యేసరికి సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వైరు అది మింగేస్తుంది. గీసిన గీత మొదలైన చోట కలవకుండా బెత్తెడు లోపలికి వచ్చి చేరితే, తప్పు ఇదేనని గుర్తుపట్టండి. మేం మొదటిసారి ఇలాగే గీసి చెరిపేశాం. వైరు చివర గూటం చుట్టూ తేలిగ్గా తిరిగేలా వదులుగా ఉండే ఉంగరంలా మడిచి, అక్కడి నుంచి 14 మీటర్లు కొలిచి, రెండో చివర పట్టుకొని సున్నం పొడి చల్లుకుంటూ తిరగండి. వైరు ఎప్పుడూ బిగుతుగా ఉండాలి.

గీసిన తర్వాత సరిగా వచ్చిందో లేదో చూడడానికి మంచి ఉపాయం ఉంది. అదే 14 మీటర్ల వైరును గీత మీద ఒక చోట నుంచి ఇంకో చోటికి సూటిగా లాగి గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి మళ్లీ అలాగే లాగండి. ఆరోసారికి మొదలుపెట్టిన చోటికే రావాలి. వృత్తంలో వ్యాసార్థం సూటిగా సరిగ్గా ఆరుసార్లు పడుతుంది కాబట్టి, వచ్చి కలిస్తే ట్రాక్ గుండ్రంగా ఉన్నట్టే. ఈ ఆరు గుర్తులను చెరపకండి, తర్వాత పని పడుతుంది.

చుట్టుకొలత నిజంగా 88 మీటర్లేనా అని పిల్లలు అడిగితే సైకిల్ తీయండి. చక్రానికి ఒక చోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, ఆ చక్రం ఒక్కసారి తిరిగితే ఎంత ముందుకు పోతుందో టేపుతో కొలవండి. తర్వాత గీత వెంట తోసుకుంటూ పోయి తిరుగుళ్లు లెక్కపెట్టండి. ఒక్క తిరుగుడు 2.2 మీటర్లు వస్తే మొత్తం 40 తిరుగుళ్లు పడాలి. ఇది చూసిన పిల్లలకు దూరం అంటే దారి వెంట కొలిచేదని చెప్పాల్సిన పనే ఉండదు.

దిక్కులు పెట్టడం

ఈ మెట్టును వదిలేసేవాళ్లే ఎక్కువ. దిక్కు లేకుండా స్థానభ్రంశం లేదు, వేగమూ లేదు. ఫోన్‌లో దిక్సూచి ఉంటే వాడండి. గూటం దగ్గర నిలబడి సరిగ్గా తూర్పున గీత మీద ఒక ఇటుక, ఉత్తరాన ఒకటి, పడమర ఒకటి, దక్షిణాన ఒకటి పెట్టండి. ఇందాకటి ఆరు గుర్తుల్లో ఒకటి తూర్పు ఇటుక దగ్గర పడకపోతే, ఆ ఇటుక నుంచే వైరు లాగి వాటిని మళ్లీ పెట్టుకోండి. తూర్పు ఇటుక దగ్గర పరుగు మొదలవుతుంది. ఎడమ చేయి లోపలివైపు ఉండేలా ఉరకాలి, పోటీల్లో కూడా ఇలాగే ఉరుకుతారు. అంటే తూర్పు ఇటుక దగ్గర మనిషి ముఖం ఉత్తరం వైపు ఉంటుంది. ఉత్తరపు ఇటుక దగ్గరకు వచ్చేసరికి పడమరకు తిరుగుతుంది. పడమటి ఇటుక దగ్గర దక్షిణానికి, దక్షిణపు ఇటుక దగ్గర తూర్పుకు.

నడిమి దిక్కుల పేర్లు మన పిల్లలకు ఇల్లు కట్టేటప్పుడు పెద్దవాళ్ల నోట విన్నవే: ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం. వాటినే వాడండి. "ఉత్తర పడమర మధ్యలో" అనడం కన్నా "వాయవ్యం" అంటే పిల్లలకు వెంటనే అందుతుంది.

ఉరికించడం, సమయం తీయడం

మేం పెట్టుకున్న లక్ష్యం సెకనుకు 4 మీటర్లు. అంటే 88 మీటర్ల చుట్టు 22 సెకన్లలో పూర్తి కావాలి, ఒక్కో ఇటుక నుంచి తర్వాతి ఇటుకకు 5.5 సెకన్లు పట్టాలి. తొమ్మిదో తరగతి పిల్లలకు ఇది మరీ కష్టమైన పరుగు కాదు.

నిలబడిన చోటు నుంచి సమయం లెక్కపెట్టకండి. ఆగి ఉన్న మనిషి ఊపు అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది, అందువల్ల మొదటి పావు చుట్టు నెమ్మదిగా వచ్చి లెక్క చెడుతుంది. ఒక చుట్టు ఊరికే ఉరికించి, రెండోసారి తూర్పు ఇటుకను దాటగానే ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కండి. ప్రతి ఇటుక దగ్గర ల్యాప్ బటన్ నొక్కుతూ పోండి. ఒకరు గూటం దగ్గర నిలబడి నొక్కితే నాలుగు ఇటుకలూ ఒకే ఎడంలో కనిపిస్తాయి. ఇటుక పక్కన నిలబడిన పిల్ల, ఉరికేవాడు దాటగానే చెయ్యి పైకెత్తాలి. చూసి బటన్ నొక్కేలోగా కొద్దిగా ఆలస్యం ఎలాగూ అవుతుంది. అందుకే పావు చుట్టు లెక్కలో తేడా కొంచెం ఎక్కువగా, నిండు చుట్టులో తక్కువగా కనిపిస్తుంది. దీనికి టెన్షన్ పడాల్సిన పని లేదు. మూడుసార్లు ఉరికించి సగటు తీసుకోండి.

మొదట్లో పిల్లలు ఒకే వడి పట్టలేరు. ఇంకొకరు ఫోన్ చూస్తూ 5.5 సెకన్లకోసారి విజిల్ ఊదితే, విజిల్ వినిపించేసరికి ఇటుక దగ్గర ఉండాలన్న ఆటలా మారిపోతుంది. మా పిల్ల మూడో చుట్టులోనే పట్టేసింది. ఇంకోటి, గీతకు దూరంగా ఉరకనివ్వకండి. గీతకు మీటరు బయట ఉరికితే ఒక్క చుట్టుకే ఆరు మీటర్ల చిల్లర ఎక్కువ ఉరికినట్టు. సమయం ఎక్కువ పట్టింది, వడి తగ్గిందని మీరు రాసుకుంటారు కానీ నిజానికి పెరిగింది దారి.

టేపు పట్టి కొలవడం

ఇప్పుడు ఉరుకుడు ఆపి టేపు తీయండి. తూర్పు ఇటుక నుంచి ఉత్తరపు ఇటుకకు మైదానం మీదుగా ముక్కుసూటిగా టేపు లాగండి. 19.8 మీటర్లు వస్తుంది. ఉరికిన దారి మాత్రం పావు చుట్టు, 22 మీటర్లు. ఈ 22 దూరం. ఆ 19.8 స్థానభ్రంశం, దాని దిక్కు వాయవ్యం. దిక్కు ఎలా తేల్చాలంటే, తూర్పు ఇటుక దగ్గర నిలబడి ఉత్తరపు ఇటుక వైపు వేలు చూపించమనండి. వేలు ఎటు ఉంటే అదే. చివర నుంచి మొదటికి చూపించకూడదు. మొదలైన చోటు నుంచి ఆగిన చోటికే చూపించాలి. పిల్లలు ఇక్కడ తిరగేసి ఆగ్నేయం అని రాసేస్తారు, జాగ్రత్త.

తూర్పు నుంచి పడమటి ఇటుకకు లాగితే టేపు గూటం మీదుగానే పోతుంది, 28 మీటర్లు. ఉరికిన దూరం 44. స్థానభ్రంశం 28 మీటర్లు, పడమరకు. ఇక ముప్పావు చుట్టు తిరిగి దక్షిణపు ఇటుక దగ్గర ఆగితే ఉరికిన దూరం 66 మీటర్లకు పెరిగింది, స్థానభ్రంశం మాత్రం మళ్లీ 19.8కే వచ్చింది, దిక్కు నైరుతి. మా పిల్ల ఇక్కడ ఆగి టేపును రెండోసారి కొలిచింది. దూరం పెరుగుతుంటే స్థానభ్రంశం తగ్గడం ఏమిటని ఆమె అనుమానం. ఉరికిన కొద్దీ దూరం పెరుగుతూనే ఉంటుంది, ఎప్పుడూ తగ్గదు. స్థానభ్రంశం మాత్రం మొదలైన చోటుకు మీరు మళ్లీ దగ్గరవుతుంటే తగ్గుతుంది. ఈ ట్రాక్ మీద అది 28 దాటడం అసాధ్యం, ఎన్ని వందల చుట్లు తిరిగినా సరే. వృత్తంలో వ్యాసాన్ని మించిన సూటి దూరం ఉండదు కదా.

నిండు చుట్టు అయ్యాక టేపును తూర్పు ఇటుక నుంచి తూర్పు ఇటుకకు లాగమన్నాను. ఆమె టేపు వైపు చూసి, నా వైపు చూసి, "లాగనీకె ఏం లేదు గదా మామా" అంది. అదే సున్నా. దూరం 88, స్థానభ్రంశం 0.

వడి, సరాసరి వేగం లెక్క కట్టడం

దూరాన్ని సమయంతో భాగిస్తే సరాసరి వడి. స్థానభ్రంశాన్ని సమయంతో భాగిస్తే సరాసరి వేగం. కింద ఉండే సమయం రెండింటికీ ఒకటే, పైన పెట్టే అంకె మాత్రమే వేరు. ఈ మాట నోటులో గీత కొట్టి రాయించండి.

పావు చుట్టుకు వడి 22/5.5, అంటే సెకనుకు 4 మీటర్లు. సరాసరి వేగం 19.8/5.5, అంటే సెకనుకు 3.6 మీటర్లు, వాయవ్యానికి. సగం చుట్టుకు వడి 44/11, మళ్లీ 4. సరాసరి వేగం 28/11, సుమారు 2.5, పడమరకు. ముప్పావుకు వడి అదే 4, సరాసరి వేగం 19.8/16.5, అంటే 1.2, నైరుతికి. నిండు చుట్టుకు వడి 4, సరాసరి వేగం 0.

మొదట్లో పిల్ల అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. వాళ్లన్న ఎంత గట్టిగా ఉరికాడో చెప్పేది వడి. భర్తీలో గడియారం పెట్టి చూసేది దాన్నే. సరాసరి వేగం అడిగే ప్రశ్న వేరు: ఇంత సమయంలో మొత్తం మీద ఎటువైపు ఎంత జరిగావు? మొదలైన చోటికే వచ్చి నిలబడ్డవాడు మొత్తం మీద ఎటూ జరగలేదు. సున్నా అంటే ఉరకలేదని కాదు.

ఆరు గుర్తుల దగ్గరకు మళ్లీ రండి

చాలామంది టీచర్లు పాఠాన్ని సున్నా దగ్గరే ఆపేస్తారు. దానివల్ల పిల్లల మనసులో ఒక తప్పు నిలిచిపోతుంది: గుండ్రంగా తిరిగేవాడికి వేగమే ఉండదని. సున్నా అయింది నిండు చుట్టు మీద సరాసరి వేగం మాత్రమే. ఉరుకుతున్న ఏ క్షణంలో చూసినా అతనికి వేగం ఉంది. అది ఎంత, ఎటు అన్నది ఆ ఆరు గుర్తులే చెబుతాయి.

తూర్పు ఇటుక నుంచి మొదటి గుర్తు వరకు, అంటే చుట్టులో ఆరో వంతు తీసుకోండి. సూటిగా 14 మీటర్లని మనకు వైరే చెప్పింది. దారి వెంట 88/6, అంటే సుమారు 14.7 మీటర్లు. పట్టే సమయం సుమారు 3.7 సెకన్లు. 14ను దానితో భాగిస్తే సరాసరి వేగం సుమారు 3.8. ఇప్పుడు ఆ ముక్కను కూడా సగం చేసి, చుట్టులో పన్నెండో వంతు దగ్గర గుర్తు పెట్టి టేపు లాగండి. సూటిగా సుమారు 7.25 మీటర్లు, దారి వెంట 7.33. రెండూ దాదాపు ఒకటైపోయాయి. వేగం దాదాపు 3.95 వస్తుంది.

అంకెలు వరుసగా చూడండి. సగం చుట్టుకు 2.5, పావుకు 3.6, ఆరో వంతుకు 3.8, పన్నెండో వంతుకు 3.95. ముక్క చిన్నదవుతున్నకొద్దీ సరాసరి వేగం పాకుతూ 4కు చేరుతోంది. ఎందుకంటే వంపు తిరిగిన గీతలో చిన్న ముక్క తీసుకుంటే అది సూటి గీతలాగే ఉంటుంది, దారికీ ముక్కుసూటికీ తేడా మిగలదు. దిక్కు కూడా మారుతూ వచ్చింది. పావు చుట్టుకు టేపు వాయవ్యం వైపు ఉంది. ఆరో వంతుకు ఉత్తరానికి దగ్గరైంది, పన్నెండో వంతుకు ఇంకా దగ్గరైంది. ముక్కను తగ్గిస్తూ పోతే చివరకు నేరుగా ఉత్తరమే అవుతుంది, అంటే తూర్పు ఇటుక దగ్గర ఉరికేవాడి ముఖం ఎటు ఉందో అటే. అందువల్ల తూర్పు ఇటుక దాటే క్షణంలో అతని వేగం సెకనుకు 4 మీటర్లు, ఉత్తరానికి. ఉత్తరపు ఇటుక దగ్గర 4, పడమరకు. పడమటి ఇటుక దగ్గర 4, దక్షిణానికి.

దీన్ని కంటితో చూపించాలంటే ఇంకో ఆట ఆడించండి. పిల్లను ట్రాక్ మీద ఉరకమని చెప్పి, విజిల్ వినగానే మలుపు తిరగడం మానేసి, ఆ క్షణంలో ముఖం ఎటు ఉంటే అటే సూటిగా పొమ్మనండి. ఉత్తరపు ఇటుక దగ్గర విజిల్ ఊదితే ఆమె పడమరకు దూసుకుపోతుంది, గూటం నుంచి ఎదురుగా ఉత్తరానికి పోదు. గీతను తాకుతూ బయటికి పోయే ఆ సూటి దారే ఆ క్షణపు వేగం దిక్కు. పుస్తకంలో దాన్నే స్పర్శరేఖ అంటారు. విజిల్ ఎక్కడ ఊదితే అక్కడ దిక్కు వేరుగా ఉంటుంది. వడి ఎక్కడా మారలేదు, అయినా వేగం ప్రతి క్షణమూ మారుతోంది. "వడి స్థిరం కాబట్టి వేగమూ స్థిరం" అని రాస్తే మార్కు పోయేది ఇందుకే.

కాస్త పెద్ద పిల్లలు ఇక్కడ ఇంకో తప్పు చేస్తారు. మొదటి వేగం, చివరి వేగం కలిపి రెండుతో భాగిస్తే సరాసరి వేగం వస్తుందని వాళ్లు నేర్చుకొని ఉంటారు. సగం చుట్టుకు అలా చేసి చూడండి. మొదట ఉత్తరానికి 4, చివర దక్షిణానికి 4. కలిపితే ఒకదానికొకటి కొట్టుకుపోయి సున్నా. కానీ టేపు కొలత ప్రకారం సరాసరి వేగం పడమరకు 2.5. టేపు అబద్ధం చెప్పదు. ఆ సూత్రం త్వరణం ఏమాత్రం మారకుండా ఉన్నప్పుడే పనిచేస్తుంది. గుండ్రటి దారిలో త్వరణం ఎప్పుడూ గూటం వైపే చూస్తూ ఉంటుంది కాబట్టి దాని దిక్కు క్షణక్షణం మారుతుంది, సూత్రం చెల్లదు. స్థానభ్రంశం కొలిచి సమయంతో భాగించే పద్ధతి మాత్రం ఏ దారి మీదైనా చెల్లుతుంది.

1600 మీటర్లను ఈ ట్రాక్ మీద ఉరికితే

చివర్లో వాళ్లన్నను పిలిచాం. సెకనుకు 4 మీటర్ల చొప్పున 1600 మీటర్లంటే 400 సెకన్లు, అంటే ఆరు నిమిషాల నలభై సెకన్లు. మన ట్రాక్ మీద 18 చుట్లు తిరిగితే 1584 మీటర్లు. ఇంకో 16 మీటర్లు పోవాలి. అతను ఆగిన చోటు మొదటి ఆరో వంతు గుర్తును దాటి మీటరు పైచిలుకు ముందుంటుంది. తూర్పు ఇటుక నుంచి అక్కడికి టేపు లాగితే 15 మీటర్లకు కాస్త ఎక్కువ. అదీ 400 సెకన్ల పరుగులో అతని స్థానభ్రంశం. సరాసరి వేగం సెకనుకు నాలుగు సెంటీమీటర్లకు అటూఇటుగా వస్తుంది.

అదే మనిషి, అదే వడి, అవే 1600 మీటర్లు, కానీ 400 మీటర్ల ట్రాక్ మీద అయితే స్థానభ్రంశం సున్నా. తిన్నటి రోడ్డు మీద అయితే 1600. "1600 మీటర్లు ఉరికాడు, స్థానభ్రంశం ఎంత?" అని మాత్రమే అడిగితే జవాబు చెప్పలేం. ఎక్కడ మొదలయ్యాడు, ఎక్కడ ఆగాడు అన్నది తెలియాలి.

పరీక్షలో వచ్చే రూపం

ఇంటికి వచ్చాక పిల్లకు ఈ లెక్క ఇచ్చాను. 14 మీటర్ల వ్యాసార్థం ఉన్న ట్రాక్‌ను ఒకడు 22 సెకన్లకో చుట్టు చొప్పున, ఒకే వడితో తిరుగుతున్నాడు. 77 సెకన్ల తర్వాత అతను ఉరికిన దూరం, స్థానభ్రంశం, సరాసరి వడి, సరాసరి వేగం చెప్పాలి.

ముందు చుట్లు లెక్కపెట్టాలి, సూత్రం జోలికి పోకూడదు. 77ను 22తో భాగిస్తే మూడున్నర చుట్లు. దూరానికి మూడున్నర మొత్తం కావాలి: 3.5 × 88 = 308 మీటర్లు. స్థానభ్రంశానికి నిండు చుట్లు మూడూ పక్కన పెట్టేయవచ్చు, వాటి తర్వాత అతను మొదటి చోటే ఉన్నాడు. మిగిలింది అర చుట్టు, అంటే ఎదురు ఇటుక. స్థానభ్రంశం 28 మీటర్లు. ప్రశ్నలో దిక్కులు ఇవ్వకపోతే "మొదలైన చోటు నుంచి వ్యాసం వెంట ఎదురుగా" అని రాయాలి, దిక్కు ఖాళీగా వదలకూడదు. సరాసరి వడి 308/77, సెకనుకు 4 మీటర్లు. సరాసరి వేగం 28/77, సెకనుకు సుమారు 0.36 మీటర్లు, అదే దిక్కుకు.

పిల్ల రెండు నిమిషాల్లో చేసింది. చేసే ముందు నోటు మూలన చిన్న గుండ్రం గీసి, నాలుగు చుక్కలు పెట్టి, ఎదురు చుక్క వైపు ఒక బాణం గీసుకుంది. మరాఠీలో జవాబు రాస్తూ "అంతర్" దగ్గర ఒక్క క్షణం ఆగి, 308 రాసింది.